చొక్కా మీద పని 17 నిమిషాలు, చొక్కా బయటికి వచ్చేది 18 రోజులకు: ఒక యూనిఫామ్ యూనిట్ కేస్ స్టడీ

ఇది కోనసీమలోని ఒక చిన్న గార్మెంట్ యూనిట్ కథ. ఊరి పేరు, యజమాని పేరు, స్కూళ్ల పేర్లు రాయడం లేదు. అంకెల్ని గుండ్రంగా సవరించాను గానీ వాటి మధ్య నిష్పత్తులు మార్చలేదు.

నేపథ్యం

యూనిట్‌లో నలభై పైచిలుకు మెషిన్లు ఉన్నాయి. పని స్కూల్ యూనిఫామ్‌లది: చొక్కాలు, ప్యాంట్లు, పినాఫోర్‌లు. గుడ్డ కొంత ద్వారపూడి హోల్‌సేల్ మార్కెట్ నుంచి, కొంత మిల్లు ఏజెంట్ ద్వారా వస్తుంది. కుట్టేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు, జీతం పీస్ రేటు మీద. కటింగ్ మాస్టర్ ఒక్కడే, పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు. కాజాలు, బటన్లు మాత్రం బయట పక్క పట్టణంలోని ఒక కాజా షాపులో కుట్టిస్తారు.

ఏడాది సంపాదనలో పెద్ద భాగం ఏప్రిల్ మొదలు నుంచి జూన్ రెండో వారం లోపే రావాలి, ఎందుకంటే బడులు తెరిచేది అప్పుడే. సరిగ్గా ఆ రోజుల్లోనే దాళ్వా కోతలు, ఆ తర్వాత పెళ్లిళ్లు. ఏ ఉదయం ఎన్ని మెషిన్ల ముందు మనిషి ఉంటుందో ముందే చెప్పలేం.

సమస్య అని వాళ్లు చెప్పింది

యజమాని మాటల్లో సమస్య ఒక్కటే: "మెషిన్లు చాలట్లేదండి." పది మెషిన్లకు బ్యాంకు లోన్ కాగితాలు సిద్ధం చేసుకుని ఉన్నారు. అంతకుముందు సీజన్లో ఓవర్‌టైమ్ పెట్టి కుట్టించినా, ఎక్కువ స్కూళ్లకు సరుకు ఆలస్యంగానే వెళ్లింది.

నన్ను ఆపిన విషయం వేరే ఉంది. మాటల మధ్యలో ఆయనే చెప్పారు, పోయిన ఏడాది మే చివరికి గోడౌన్‌లో వేల చొక్కాలు ఇస్త్రీ అయి ఉన్నాయట. కానీ పూర్తి సెట్ ఇవ్వగలిగిన స్కూళ్లు రెండో మూడో. ఒక స్కూలుకు 28 సైజు లేదు, ఇంకో స్కూలుకు 24 లేదు. మెషిన్లు నిజంగా చాలని యూనిట్‌లో తయారైన సరుకు అలా పేరుకుపోదు.

అందుకే ముందు చిన్న లెక్క వేశాం. సీజన్‌కు చొక్కాల ఆర్డర్ 22,000. సెలవులు పోగా పని రోజులు దాదాపు 58. అంటే రోజుకు 380 చొక్కాలు బయటికి రావాలి. చొక్కాల లైన్‌లో 20 మెషిన్లు, సగటున రోజుకు 400 వస్తున్నాయి. అంచు మీద ఉన్నారు కానీ చాలుతోంది. అంటే వెతకాల్సింది ఎన్ని కుడుతున్నారన్నదాన్ని కాదు, ఏవి ఎప్పుడు బయటికి వస్తున్నాయన్నదాన్ని. లోన్ కాగితాలు కొన్నాళ్లు పక్కన పెట్టమని అడిగాను.

మ్యాప్ గీసిన తీరు

వాల్యూ స్ట్రీమ్ మ్యాప్ అంటే, ఒక రకం సరుకు మొదటి పని నుంచి కస్టమర్ చేతికి వెళ్లేదాకా నడిచే దారిని ఒకే కాగితం మీద గీయడం. ఈ పద్ధతి టయోటా నుంచి వచ్చింది. అక్కడ దీన్ని సరుకు, సమాచారం నడిచే దారి బొమ్మ అంటారు. ప్రతి పనికీ ఒక డబ్బా గీస్తాం. రెండు పనుల మధ్య సరుకు ఆగిన చోట ఒక త్రిభుజం గీసి, అందులో ఎన్ని పీసులు ఉన్నాయో రాస్తాం. అడుగున మెట్లలా ఒక గీత: పై మెట్టు మీద సరుకు ఆగి ఉన్న కాలం, కింది మెట్టు మీద దాని మీద పని జరిగిన కాలం.

ప్యాంట్లు, పినాఫోర్‌లు పక్కన పెట్టి హాఫ్ చేతుల చొక్కా ఒక్కటే తీసుకున్నాం. అన్నీ కలిపి గీస్తే కాగితం నిండుతుంది గానీ ఏమీ కనబడదు. గడియారం ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇంకో నిర్ణయం. గుడ్డ స్టోర్‌లో పన్నెండు రోజులకు సరిపడా సరుకు ఉంది. కానీ షేడ్ తేడా రాకూడదని గుడ్డ మొత్తం ఒకే లాట్‌గా ముందే కొంటారు, ఆ సీజన్లో దాన్ని మార్చడం మా చేతిలో లేదు. కాబట్టి కటింగ్ టేబుల్ మీద గుడ్డ పరిచిన క్షణం నుంచి లెక్కపెట్టాం.

నడక మాత్రం వెనక నుంచి మొదలుపెట్టాం. ప్యాకింగ్ దగ్గర నిలబడి "ఇది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడుగుతూ కటింగ్ దాకా వెళ్లాం. ముందు నుంచి నడిస్తే ప్రతి ఒక్కరూ తమ పని ఎలా జరగాలో చెబుతారు. వెనక నుంచి వస్తే ఎదురుగా ఉన్న కుప్ప గురించి చెప్పాల్సి వస్తుంది. పీసులు చేత్తో లెక్కపెట్టాం, రిజిస్టర్ చూడలేదు. తర్వాత పోల్చి చూస్తే, కటింగ్‌కీ కుట్టుకీ మధ్య ఉన్న కుప్ప రిజిస్టర్‌లో చాలా చిన్నది. కోసిన ముక్కల కట్టకు, అంటే బండిల్‌కు, కూపన్ రాసిన వెంటనే అది "లైన్‌లోకి ఇచ్చినట్టు" రాసేస్తున్నారు. సరుకు మాత్రం ర్యాక్ కిందే ఉంది.

ఆగిన పీసుల్ని రోజుల్లోకి మార్చే సూత్రం తేలిక. ఒకచోట ఉన్న పీసుల్ని రోజుకు బయటికి వచ్చే పీసులతో భాగిస్తే, కొత్తగా వచ్చిన పీసు అక్కడ సగటున ఎన్ని రోజులు ఉంటుందో వస్తుంది.

```
కటింగ్ తర్వాత కుప్ప      3600 / 400 = 9.0 రోజులు
కుట్టు లైన్ లోపల           800 / 400 = 2.0
కాజా (పంపడం, రావడం)     1400 / 400 = 3.5
దారాలు, చెకింగ్            200 / 400 = 0.5
ఇస్త్రీ అయి సెట్ కోసం      1200 / 400 = 3.0
మొత్తం                    7200 / 400 = 18.0 రోజులు
```

ఇక కింది మెట్టు. ఒక చొక్కా మీద నిజంగా పని జరిగేది ఎంతసేపు? కటింగ్‌లో ఒక పీసు వాటా అర నిమిషం, కాలర్‌కు బక్రం అతికించడం అర నిమిషం, కుట్టు 13 నిమిషాలు, కాజా బటన్లు నిమిషంన్నర, ఇస్త్రీ నిమిషంన్నర. మొత్తం 17 నిమిషాలు. ఇది కూడా ఉదారంగా వేసిందే. కుట్టు 13 నిమిషాల్లో సూది గుడ్డలో దిగి ఉండేది అందులో కొంతసేపే, మిగతాది పీసు తీయడం, సర్దడం, తిప్పడం. అంత లోతుకు ఆ దశలో వెళ్లనక్కర్లేదు అనుకున్నాను. రోజుకు ఎనిమిది గంటల చొప్పున 18 రోజులంటే 8,640 పని నిమిషాలు. అందులో 17 తీసేస్తే మిగిలేది ఎంతో చూస్తే, ఆ 17ను 15 చేయడానికి తలకొట్టుకోవడంలో అర్థం లేదని తెలుస్తుంది.

చెకింగ్‌ను విలువ కలిపే పనుల్లో, అంటే చొక్కాను మార్చే పనుల్లో, వేయలేదు. చెకింగ్ చూసే ఆవిడకు కోపం వచ్చింది. "నేను చూడకపోతే స్కూలువాళ్లు వెనక్కి కొట్టరా బాబూ?" అన్నారు. కొడతారు. అది అవసరమైన పనే, మానేయమని ఎవరూ అనలేదు. కానీ చెక్ చేయడం వల్ల చొక్కాలో ఏమీ మారదు. మ్యాప్‌లో విలువ కలిపేది, వృథా అన్న రెండు రకాలకు తోడు "అవసరమే, విలువ కలపదు" అని మూడో రకం ఒకటి రాసుకున్నాక గొడవ సద్దుమణిగింది.

సగటు వెనక దాగింది

18 రోజులు సగటు. ఆర్డర్ ఆలస్యమయ్యేది సగటు వల్ల కాదు, దాని చివర ఉన్న పీసుల వల్ల. అందుకే కటింగ్ టేబుల్ దగ్గర కొన్ని బండిళ్లకు తేదీ రాసిన ఎర్ర చీటీ కట్టి, అవి ఎప్పుడు ప్యాకింగ్‌కు వస్తాయో చూశాం. ఒకటి 11 రోజులకే వచ్చింది. ఇంకొకటి 27 రోజులు తీసుకుంది.

కారణం ర్యాక్ దగ్గర కాసేపు నిలబడితే కనబడుతుంది. కొత్తగా కోసిన బండిళ్లు ముందు వరుసలో, పాతవి వెనక. లైన్‌కు సరుకు ఇచ్చే అమ్మాయి చేతికి అందింది తీస్తుంది. దాని మీద యజమాని ఫోన్లు: "ఫలానా స్కూలు ప్రిన్సిపాల్ చేశారు, అది ముందు ఎక్కించండి." ముందుకు తోసిన ప్రతి బండిల్ వల్ల ఇంకోటి వెనక్కి వెళుతుంది, పది రోజుల తర్వాత దాని కోసం ఇంకో ఫోన్ వస్తుంది. మ్యాప్ పైభాగంలో సమాచారం నడిచే దారి గీసినప్పుడు, కుట్టు లైన్‌కు తర్వాత ఏం కుట్టాలో చెప్పేది ఆ ఫోన్ ఒక్కటే అని తేలింది.

పని చేయనిది: చిన్న బండిల్

మ్యాప్ గోడకు అంటించాక అందరి చూపూ కుట్టు లైన్ మీదకే పోయింది. మనుషులు ఎక్కువ ఉన్నది అక్కడే కదా. యజమాని గారి అబ్బాయికి వృథాను తగ్గించే లీన్ పద్ధతుల మీద ఆసక్తి. బండిల్ సైజు తగ్గిద్దామన్నాడు.

అతని వాదన తప్పు కాదు, వివరంగా చెప్పుకోదగ్గదే. బండిల్‌కు 24 పీసులు. ఒక్కో పనికి సగటున 40 సెకన్లు. బండిల్ ఒక మెషిన్ దగ్గర 16 నిమిషాలు ఉంటుంది, అందులో ఏ ఒక్క పీసు మీదైనా పని జరిగేది 40 సెకన్లే. మిగతా పదిహేను నిమిషాల చిల్లర అది తన తోటి 23 పీసుల కోసం ఎదురుచూస్తోంది. టైలర్ ఒక్క క్షణం ఖాళీగా లేదు, అయినా పీసు ఆగే ఉంది. ఫ్లోర్ మీద అందరూ బిజీగా కనిపిస్తున్నంత కాలం ఈ ఎదురుచూపు ఎవరి కంటికీ ఆనదు, ఎందుకంటే మనం చూసేది మనిషిని, పీసును కాదు.

కాబట్టి బండిల్ 8 పీసులు చేస్తే ఈ ఎదురుచూపు మూడో వంతు అవుతుంది. లెక్క సరైనదే. ఒక వారం చూద్దామన్నాను.

జరిగింది ఇది. బండిళ్లు మూడింతలైతే విప్పడం, కట్టడం, కూలి లెక్క కోసం కూపన్ చించి పుస్తకంలో అంటించుకోవడం కూడా మూడింతలు. ఈ పనికి పీస్ రేటులో పైసా లేదు. కాలర్ కుట్టే ఆవిడ సూటిగానే అడిగారు, "ఈ కూపన్లు అంటించుకున్నందుకు డబ్బులు ఎవరిస్తారండి?" రోజు ఉత్పత్తి 400 నుంచి 350కి పడింది. సాయంత్రానికి కొందరు మూడేసి చిన్న బండిళ్లను కలిపి మళ్లీ 24 చేసుకుని కుట్టడం మొదలుపెట్టారు. వాళ్లది మొండితనం అనుకుంటే పొరపాటే. వాళ్ల కూలి లెక్కకు అదే సరైన పని.

మళ్లీ 24కే వచ్చేశాం. వెనక్కి తగ్గడానికి అసలు కారణం టైలర్ల కోపం కన్నా మ్యాప్‌లోని అంకె. కుట్టు లైన్ లోపల ఆగేది 18లో 2 రోజులు. ఈ ప్రయత్నం నూటికి నూరు పాళ్లు ఫలించినా తగ్గేది ఒక రోజు, ఒకటిన్నర. దానికోసం సీజన్ మధ్యలో కూలి పద్ధతి మార్చడం గిట్టుబాటు కాదు. మిగతా 16 రోజులు లైన్‌కు ముందూ వెనకా ఉన్నాయి.

ప్యాకింగ్ దగ్గరి కుప్ప పుట్టింది కటింగ్ టేబుల్ మీద

రెండు త్రిభుజాలు ఒకే కారణంతో పుట్టాయని తెలియడానికి కాస్త సమయం పట్టింది. కటింగ్ తర్వాత 9 రోజులు, ప్యాకింగ్ ముందు 3 రోజులు. ఒకటి దారి మొదట్లో, ఒకటి చివర.

కటింగ్ మాస్టర్ 96 పొరలు పరిచి, ఒకే సైజు చొక్కాలు ఆరు పక్కపక్కన వచ్చేలా మార్కర్, అంటే ముక్కల్ని ఎక్కడ కోయాలో చూపే గీతలు, గీసి కోస్తాడు. ఇలా పరిచి ఒకేసారి కోసే పొరల దొంతరను లే అంటారు. ఒక్క లేతో 24 సైజువి 576 పీసులు. మర్నాడు 26 సైజు, ఆ తర్వాత 28. తెల్ల చొక్కా చాలా స్కూళ్లకు ఒకటే, తేడా జేబు మీద గుర్తులోనే, కాబట్టి అందరి ఆర్డర్లూ కలిపి సైజువారీగా కోసేస్తే మార్కర్ గీసే పని తక్కువ, కత్తి మెషిన్ తిరిగే సమయం తక్కువ. ఆయనకు డబ్బు కోసిన పీసుకు ఇంత అని. ఆయన వైపు నుంచి చూస్తే ఇంతకన్నా తెలివైన పద్ధతి లేదు.

కానీ స్కూలుకు కావలసింది సెట్. 22 నుంచి 32 దాకా అన్ని సైజులూ కలిసి వెళ్లాలి. మొదటి సైజు కోసిన నాటికీ చివరి సైజు కోసిన నాటికీ మధ్య ఉన్న వారం రోజుల ఎడం, లైన్ మొత్తం దాటుకుని, ప్యాకింగ్ టేబుల్ దగ్గర ఇస్త్రీ చొక్కాల కుప్పగా తేలుతోంది. ప్యాకింగ్‌లో ఎంతమందిని పెంచినా ఆ కుప్ప తగ్గదు.

మార్చింది ఇది. ఒక మార్కర్‌లో ఆరు సైజులు, ఒక్కోటి ఒక్కో చొక్కా. పొరలు 48. అంటే ఒక లేకు ఒక్కో సైజువి 48 పీసులు, రెండేసి బండిళ్లు, మొత్తం 288. కోసే క్రమం స్కూలుకు సరుకు ఇవ్వాల్సిన తేదీని బట్టి. ఏ స్కూలుకైనా ఒక సైజు ఎక్కువ కావాలంటే మార్కర్‌లో ఆ సైజు రెండుసార్లు వస్తుంది.

మాస్టర్ అభ్యంతరం గుడ్డ వృథా గురించి. దానికి కాగితం మీద రెండు మార్కర్లూ గీసి పొడవు కొలిచి చూశాం. చిన్న సైజు ముక్కలు పెద్ద సైజు సందుల్లో ఇరుక్కోవడంతో మిశ్రమ మార్కర్‌కు గుడ్డ కొంచెం తక్కువే పట్టింది. పని మాత్రం పెరిగింది, అన్నే పీసులకు రెట్టింపు లేలు. ఆ మాట నిజం కాబట్టి పీసు లెక్క తీసేసి, సీజన్‌కు నెల జీతం మాట్లాడారు. "ఆయ్, అలాగైతే మీరు ఎలా కోయమంటే అలా కోస్తానండి" అన్నాడు. అప్పటిదాకా తొమ్మిది రోజులు ముందుగా కోసి పెడుతున్న మనిషికి సమయం కొరత ఎప్పుడూ లేదు.

రెండో మార్పు ర్యాక్. కటింగ్‌కీ లైన్‌కీ మధ్య 40 బండిళ్లకే గళ్లు గీశాం. ఎడమ నుంచి పెట్టాలి, కుడి నుంచి తీయాలి. గళ్లు నిండితే కోత ఆపాలి. 40 బండిళ్లంటే 960 పీసులు, 2.4 రోజుల పని. ఒక్క రోజుకే ఎందుకు దించలేదంటే, వేసవి సాయంత్రాల గాలివానకు కరెంటు పోతే కత్తి మెషిన్ ఆగుతుంది, ఒక్కోసారి తాన్లలో షేడ్ కలవక ఆ లే పక్కన పెట్టాల్సి వస్తుంది. ఆ రెండూ ఒకేసారి వచ్చినా లైన్ ఖాళీ కాకూడదు.

ఈ నియమం మొదటిసారి అమలైన మధ్యాహ్నం యజమానికి బాగా టెన్షన్ పట్టింది. జీతం తీసుకునే మాస్టర్ చేతులు కట్టుకుని కూర్చున్నాడు మరి. ఆ ఖాళీలో కాలర్లకు బక్రం అతికించడం, మర్నాటి మార్కర్ గీయడం అప్పగించాం. ఫోన్ మీద బండిల్ ముందుకు తోయడం కూడా అప్పుడే ఆగింది. తొందర ఉంటే కోసే క్రమంలోనే మార్చాలి, గళ్లలో పెట్టాక ముట్టుకోకూడదని ఒప్పందం. అది రెండుసార్లు తప్పారు, రెండుసార్లూ ఏ స్కూలు వెనక్కి పోయిందో ర్యాక్ మీదే కనబడింది.

కాజా

నిండితే గానీ కదలని షేర్ ఆటోలా ఉండేది ఈ వ్యవహారం. 600 పీసులు పోగయ్యేదాకా ఆగి, అప్పుడు ఆటో మాట్లాడి పంపేవాళ్లు. కాజా షాపుకు ఒకేసారి 600 పడితే వాళ్లూ ఆలస్యం చేసేవాళ్లు. సొంత కాజా మెషిన్, బటన్ మెషిన్ కొనాలన్న ఆలోచన వచ్చింది. సీజన్ తర్వాత అవి ఖాళీగా పడి ఉంటాయని వద్దనుకున్నాం. టైలర్లను సాయంత్రం ఇళ్లకు దించే ఆటోల్లో ఒకటి ఆ పట్టణం మీదుగానే వెళుతుంది. ఆ రోజు తయారైనవి ఎన్నయినా సరే దాంట్లో పంపి, పొద్దున అదే ఆటోలో పూర్తయినవి తెప్పించారు. 1,400 పీసులు 600కు తగ్గాయి. ఆటో అతనికి నెలకు కొంత అదనంగా ఇస్తున్నారు. పాత పద్ధతి కిరాయితో చూస్తే అది తక్కువే.

మళ్లీ లెక్కపెట్టినప్పుడు

మే చివరి వారంలో మళ్లీ చేత్తో లెక్కపెట్టాం. కటింగ్ తర్వాత 2.4 రోజులు, లైన్‌లో ఎప్పటిలాగే 2, కాజా 1.5, చెకింగ్ అర రోజు, ప్యాకింగ్ ముందు ముప్పావు రోజు. మొత్తం ఏడు రోజుల పైచిలుకు. ఎర్ర చీటీ బండిళ్లలో అన్నిటికన్నా ఆలస్యమైంది కూడా పది రోజులు దాటలేదు.

ఒక చొక్కా మీద పని ఇప్పటికీ 17 నిమిషాలే, రోజుకు ఇప్పటికీ 400 చొక్కాలే. ఏ టైలరూ వేగంగా కుట్టలేదు, కుట్టేవాళ్లలో ఎవరి పీస్ రేటూ మారలేదు. దీన్ని యజమానికి అర్థమయ్యేలా చెప్పడమే కష్టమైంది. "ప్రొడక్షన్ పెరగలేదు కదండి, మరి బాగుపడింది ఏమిటి?" అన్నారు. బాగుపడింది డెలివరీ. మధ్యలో ఇరుక్కున్న 4,300 పీసుల గుడ్డ, కూలి డబ్బు కూడా ముందుగా బయటపడింది. ఆ ఏడాది సెట్లు స్కూలు తర్వాత స్కూలుగా వెళ్లాయి. ఆలస్యమైన రెండు ఆర్డర్లలో ఒకటి జేబు గుర్తు మధ్యలో మార్చిన స్కూలుది. రెండోది దాళ్వా కోతల వారంలో లైన్ సగం ఖాళీ అయినప్పుడు వెనకబడింది, దానికి మ్యాప్‌లో మందు లేదు.

ఈ లెక్కకు హద్దులున్నాయి. పీసుల్ని రోజువారీ ఉత్పత్తితో భాగించడం, వచ్చేదీ పోయేదీ దాదాపు సమంగా ఉన్నప్పుడే నమ్మదగినది. సీజన్ మొదటి వారంలో కుప్ప పెరుగుతూ ఉంటుంది, చివరి వారంలో కరుగుతూ ఉంటుంది. ఆ వారాల్లో గీసిన మ్యాప్ తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు చీటీ కట్టి బండిల్ వెంట నడవడమే దారి. రెండోది, ప్యాంట్లకు ఇదే ర్యాక్ పద్ధతి యథాతథంగా పనికిరాలేదు. జిప్పులు బయటి నుంచి రావాలి, అవి ఆలస్యమైతే గళ్లు నిండి కోత ఆగిపోయేది. దానికి వేరే మ్యాప్ గీయాల్సి వచ్చింది.

పది మెషిన్ల లోన్ తీసుకోలేదు. పాడైన ఒక ఓవర్‌లాక్ మెషిన్ బదులు కొత్తది కొన్నారు. గుడ్డ స్టోర్‌లోని పన్నెండు రోజుల సరుకు అలాగే ఉంది. దాన్ని కదిలించాలంటే మిల్లు ఏజెంట్‌తో ఒకే లాట్ గుడ్డను రెండు విడతలుగా పంపేలా మాట్లాడాలి, జనవరిలో ఆర్డర్ పెట్టేటప్పుడు అడుగుతామన్నారు.